తీగకు చూరు: అక్వేరియం లైటును టైమర్‌కు తగిలించేటప్పుడు నీటికి దారి మళ్లించడం

మొన్న మే నెలలో శ్రీకాకుళం నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. మాట మొదలవకముందే ఫోన్ లాక్కుని మా మేనకోడలు చెప్పేసింది: “మావయ్యా, చేపల తొట్టి కింద టైమర్ చిరచిరమంటంది. మధ్యాహ్నం లైటు వెలిగిన కాడి నుంచీ.” ఏదీ ముట్టుకోవద్దని, ముందు మెయిన్ ఆఫ్ చేసి, తర్వాతే ప్లగ్గు పీకమని చెప్పాను. మర్నాడు పొద్దున్నే విజయనగరంలో బస్సెక్కాను.

టైమర్‌ను బోర్డు నుంచి బయటికి తీసి చూస్తే ఒక పిన్ను మొదట్లో గోధుమరంగు మచ్చ కనిపించింది. దాని పక్క ప్లాస్టిక్ కాస్త ఉబ్బింది. ఇంకొన్నాళ్లు ఎవరూ గమనించకుండా ఉండి ఉంటే అక్కడ నిప్పు పుట్టేది. తొట్టి పగల్లేదు, నీళ్లు ఒలకలేదు. రోజుకి కొన్ని బొట్లు, అంతే. ఆ బొట్లు లైటు తీగ పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి టైమర్ దాకా చేరాయి.

ఆ రోజు అక్కడ చేసిన పనిని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. చేపల తొట్టి మీద లైటున్నవాళ్లకీ, ఇంట్లో మొక్కలకి గ్రో లైటు పెట్టుకున్నవాళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

నీరు తీగ మీద ఎలా నడుస్తుంది

వాన వెలిశాక బట్టలారేసే దండెం చూడండి. దానికి వేలాడే బొట్లు ఉన్నచోటే రాలిపోవు. తీగ వెంట జారుకుంటూ అది ఎక్కడ బాగా కిందికి సాగిందో అక్కడికి చేరతాయి, అక్కడ నేల మీద పడతాయి. లైటు తీగ మీదా జరిగేది ఇదే. నీరు తీగను వదలదు, పల్లానికి పోతూనే ఉంటుంది. పల్లం చివర ప్లగ్గు ఉంటే ప్లగ్గులోకే పోతుంది.

అందుకని ప్లగ్గుకు చేరే ముందే తీగను ఒకసారి దాని కంటే కిందికి దించి, అక్కడి నుంచి మళ్లీ పైకి తీసుకెళ్లాలి. జారిన నీరు ఆ అడుగు దగ్గర ఆగుతుంది, పైకి ఎక్కలేదు, బొట్టుగా రాలిపోతుంది. ఈ వంపునే డ్రిప్ లూప్ అంటారు. మన ఇళ్లకి చూరు ఎందుకు పెడతారో తీగకి ఈ వంపు అందుకు. వాన నీరు గోడ వెంట దిగకుండా బయటే రాలిపోవాలని కదా చూరు.

టైమర్ పెట్టినప్పుడు ఇది మరింత ముఖ్యం, దానికి కారణం ఉంది. చేత్తో స్విచ్ వేసే మనిషి బోర్డు దగ్గరికి వస్తాడు, తడి ఉంటే చూస్తాడు, వాసన వస్తే ఆగుతాడు. టైమర్ అలా చూడదు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం రెండింటికి, తడిసిన బోర్డుకైనా సరే, టిక్కుమని కరెంటు ఇచ్చేస్తుంది.

ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉన్నాయి కదా?

బావ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. “ఇంట్లో ఎంసీబీలు కొత్తవి. పడిపోవాలి కదా?”

పడదు. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తాను ఆఫయ్యే స్విచ్. లెక్క చూడండి. టైమర్ లోపల తడి, మట్టి, ఉప్పు కలిసి ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య సన్నని దారి ఏర్పడిందనుకోండి. ఆ దారిలో 0.2 ఆంపియర్ పారితే, 230 వోల్టుల దగ్గర అది 46 వాట్ల వేడి. రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఐరన్‌కి 25 నుంచి 35 వాట్లు చాలు. అంతకు మించిన వేడి మినపగింజంత చోట పుడుతుంటే 6 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక చిన్న బల్బులా కనిపిస్తుంది. దానికి తప్పేమీ తోచదు.

ఆర్‌సీసీబీ వేరే పని చేస్తుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగొస్తోందా అని పోల్చుకుంటుంది. తేడా వస్తే, అంటే మన ఒంటి గుండానో తడి గోడ గుండానో భూమిలోకి పోతుంటే, రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. ఇళ్లలో మనుషుల రక్షణకి 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. తొట్టిలో చెయ్యి పెట్టే ఇంట్లో అది తప్పకుండా ఉండాలి. లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది వేయించండి, తొట్టి అలంకరణ తర్వాత చూసుకోవచ్చు. ఉంటే నెలకోసారి దాని మీద T అని ఉన్న బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి.

కానీ ఆర్‌సీసీబీకి ఒక హద్దు ఉంది. టైమర్ లోపల ఫేజ్ నుంచి న్యూట్రల్‌కే కరెంటు కారుతుంటే వెళ్లిందంతా తిరిగొస్తోంది కాబట్టి తేడా ఉండదు. అది కదలదు. చెల్లెలి ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది, పని చేస్తోంది కూడా. అయినా పిన్ను కాలింది. ఇలా కాలడాన్ని ఆపాలంటే నీరు అక్కడికి రాకుండా చెయ్యాలి.

ముందు అన్నీ పీకి, నీటి జాడ వెతకండి

మొదట ప్లగ్గులన్నీ పూర్తిగా బయటికి తీయండి. స్విచ్ ఆఫ్ చేసి ఊరుకోవద్దు. పాత వైరింగ్‌లో స్విచ్ కొన్నిసార్లు ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద పడి ఉంటుంది. అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లైటు తీగలో కరెంటు ఉంటుంది. ప్లగ్గు తీశాక, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, సాకెట్ కింది రంధ్రాలు రెండింటిలోనూ టెస్టర్ పెట్టి చూడండి. దేనిలోనైనా వెలిగితే ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించాకే తొట్టి పని మొదలుపెట్టండి. సవ్యంగా ఉన్న సాకెట్‌లో, మనం ఎదురుగా నిలబడి చూస్తే, పైన ఎర్త్, కుడి పక్క ఫేజ్, ఎడమ పక్క న్యూట్రల్ ఉంటాయి. స్విచ్ వేసినప్పుడు కుడి పక్కే టెస్టర్ వెలగాలి.

తర్వాత తీగలను తొట్టి నుంచి ప్లగ్గు వరకు వేలితో తడుముతూ రండి. మన బోరు నీళ్లలో సున్నం ఉంటుంది కాబట్టి నీరు నడిచిన చోట తెల్లని గీత ఆరిపోయి మిగులుతుంది. చెల్లెలి ఇంట్లో ఆ గీతే మొత్తం కథ చెప్పింది. ఎండలకి నీళ్లు వేడెక్కుతున్నాయని తొట్టి మీది గాజు మూత తీసేశారు. పంపు గాలిని బుడగలుగా వదిలే గాలి రాయి వెనక మూలలో, సరిగ్గా లైటు స్టాండు కింద ఉంది. బుడగలు పగిలి తుంపర లైటు కాలు మీద పడుతోంది. అక్కడి నుంచి తీగ మీదికి, తీగ మీంచి కింది అరలో పడుకోబెట్టిన అడాప్టర్ మీదికి, అడాప్టర్ నుంచి దాని పక్కనే ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులోని టైమర్ మీదికి. పై నుంచి కింది దాకా అంతా పల్లమే. ఒక్కచోట కూడా ఎదురెక్కాల్సిన అవసరం నీటికి రాలేదు.

తొట్టి కింద అరలో బోర్డు పడుకోబెట్టడం మన ఇళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు. చూపుకి కనబడదని అక్కడ పెడతారు. కానీ సాకెట్ల నోళ్లు పైకి తెరుచుకుని ఉంటాయి, పైన అరవై లీటర్ల నీళ్లుంటాయి. పైగా నేల మీదున్న బోర్డుకి డ్రిప్ లూప్ వెయ్యడమే కుదరదు, ఎందుకంటే దానికన్నా కిందికి తీగ దిగే చోటు లేదు.

టైమర్‌కి చోటు

మన ఇళ్లలో మామూలు స్విచ్ బోర్డు నేల నుంచి నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. చెల్లెలి ఇంట్లో ఇనుప స్టాండు రెండున్నర అడుగులు, తొట్టి అడుగుం పావు. అంటే తొట్టి అంచు నాలుగు అడుగులకి కొంచెం లోపు, స్విచ్ బోర్డు దానికి పైన. ఇది అదృష్టం. నీటిమట్టం కన్నా పైనున్న సాకెట్‌కి తీగ ఎక్కాలి కాబట్టి వంపు దానంతటదే వస్తుంది. టైమర్‌ని గోడ సాకెట్‌లోనే నేరుగా పెట్టేశాం, ఎక్స్‌టెన్షన్ బోర్డు లైటు పని నుంచి పూర్తిగా తప్పించాం.

అయితే బోర్డు తొట్టికి సరిగ్గా వెనకో పైనో ఉండకూడదు. చేపలు ఎగిరినా, నీళ్లు మార్చేటప్పుడు పైపు జారినా చినుకులు బోర్డు మీద పడతాయి. వదులైన టైమర్ ఊడిపడితే నీళ్లలోనే పడుతుంది. అందుకని స్టాండుని పక్కకి జరిపి తొట్టి అంచుకీ బోర్డుకీ మధ్య రెండు అడుగుల ఎడం ఉంచాం. దాదాపు ఖాళీ చేసి జరపండి. నిండు తొట్టిని జరిపితే అతుకులు విడిపోవచ్చు.

మీ ఇంట్లో దగ్గర్లో ఉన్నది నేలకి అడుగు ఎత్తు సాకెట్ ఒక్కటే అయితే, తీగను దాని కన్నా కిందికి దించి పైకి తేవాలి. జానెడు దింపినా నేలకి నాలుగైదు వేళ్ల ఎడం మిగులుతుంది, సరిపోతుంది. అంతకన్నా తక్కువ ఎత్తులో ఉన్న సాకెట్‌ని దీనికి వాడొద్దు.

వంపు వెయ్యడం

టైమర్ కింది అంచు నుంచి లెక్కపెట్టి కనీసం ఒక జానెడు కిందికి తీగ దిగాలి. బెత్తెడు వంపు కూడా నీటిని ఆపుతుంది కానీ ఊడ్చేటప్పుడు చీపురు తగిలో, పిల్లలు లాగో వంపు పోతుంది. జానెడు ఉంటే కొంత లాగినా ఇంకా మిగిలి ఉంటుంది. వంపుకి తీగ చాలకపోతే సాగదీయొద్దు, సాకెట్‌కి దగ్గరగా జరగండి.

పైకెక్కే వైపు తీగని గోడకి వైర్ క్లిప్పుతో పట్టించండి, అప్పుడు వంపు కదలదు. దిగే వైపు వదులుగానే ఉండాలి. వంపు అడుగు గోడకి, స్టాండుకి, అరకి దేనికీ తగలకూడదు, చుట్టూ ఖాళీ గాలి ఉండాలి. తగిలితే బొట్టు రాలకుండా దాని మీదికి పాకుతుంది. ఆ అడుగు కింద ఇంకో బోర్డో, ఇన్వర్టరో, అడాప్టరో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

లైటుకి అడాప్టర్ విడిగా ఉంటే వంపులు రెండు కావాలి. లైటు నుంచి అడాప్టర్‌కి వచ్చే తీగ అడాప్టర్ కంటే కిందికి దిగి పైకి రావాలి. అడాప్టర్ నుంచి టైమర్‌కి వెళ్లే తీగ టైమర్ కంటే కిందికి దిగి పైకెక్కాలి. అంటే అడాప్టర్ అరలో పడుకుని ఉండకూడదు. గోడకి ఒక కొక్కెం కొట్టి, అడాప్టర్ నిలువుగా వేలాడేలా, రెండు తీగలూ దాని కింద నుంచే లోపలికి పోయేలా కట్టాం. రెండు చివర్లా తీగ ఉన్న అడాప్టర్‌కైతే ఒక తీగ పై నుంచే వస్తుంది, అలాంటిదాన్ని అడ్డంగా కట్టి రెండు తీగలనీ కిందికి వంచాలి.

అడాప్టర్ ప్లగ్గుతో కలిసి ఒకే ముద్దలా ఉండే రకమైతే బరువు మొత్తం టైమర్ మీద, టైమర్ బరువు సాకెట్ మీద పడి పిన్నులు ముందుకి వంగుతాయి. పిన్ను వదులైతే నీరు లేకపోయినా వేడెక్కుతుంది. అందుకే కన్వర్టర్ ప్లగ్గు పెట్టి టైమర్, దానికి మళ్లీ అడాప్టర్, ఇలా రైలు పెట్టెల్లా తగిలించొద్దు. మన సాకెట్‌కి సరిపోయే గుండ్రటి మూడు పిన్నుల టైమరే కొనండి.

తీగలన్నీ ఒకే కట్టగా కేబుల్ టైతో బిగించడం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కానీ ఫిల్టర్ తీగ మీది నీరు లైటు తీగ మీదికి దాటుతుంది. ఏ తీగకి ఆ తీగ విడిగా వంపు తిరగాలి. కట్టాలంటే వంపు దాటి పైకెక్కాక కట్టుకోండి.

తుంపర ఆపడం

వంపు తీగ వెంట వచ్చే నీటిని ఆపుతుంది. గాల్లో ఎగిరే తుంపరని ఆపలేదు, దానికి పుట్టేచోటే అడ్డు వెయ్యాలి. గాలి రాయిని లైటు కాలికి దూరంగా, ఎదురు మూలకి జరిపాం. గాజు మూత మళ్లీ పెట్టాం. వేడి సంగతికి మూతని వేలెడు ఎడంగా, ముందు వైపు తెరిచి ఉంచాం. తుంపర వచ్చే వెనక వైపు మాత్రం మూసే ఉంది.

లైటు పెట్టె మీద నీటిని తట్టుకుంటుందనే గుర్తుగా IP65 అనో IP67 అనో ఉంటే దాన్ని చూసి నిశ్చింత పడొద్దు. ఆ గుర్తు లైటు పట్టీకి మాత్రమే. అడాప్టర్‌కి, ప్లగ్గుకి, టైమర్‌కి అది వర్తించదు. లైటు కాళ్లు గాజు అంచుకి మరలతో గట్టిగా బిగిశాయో లేదో చూసి, అదనంగా ఒక నైలాన్ దారంతో పైన మేకుకి కట్టండి. కాలు ఊడినా లైటు నీళ్లలో పడదు.

టైమర్‌కి పైన, పక్కల అడ్డుండే కప్పు కావాలి, అడుగు తెరిచి ఉండాలి. బోర్లించిన డబ్బా ఊహించుకోండి. పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగూ మూడు పక్కలూ మిగిలేలా కోసి బోర్డు మీద గోడకి బిగించినా చాలు. ఎలక్ట్రికల్ షాపుల్లో బయట గోడకి పెట్టే సాకెట్ కవర్లు దొరుకుతాయి, కానీ చాలావాటిలో టైమర్ పెట్టాక మూత పడదు. కొనే ముందు టైమర్ పట్టుకెళ్లి చూసుకోండి. డబ్బా చుట్టూ టేపు వేసి మూసెయ్యొద్దు. లోపల వేడి నిలుస్తుంది, మన తేమ గాలికి ఆవిరి పట్టి లోపలే నీరు ఊరుతుంది. తీగల రంధ్రాలు ఎప్పుడూ కింద వైపే. పైన రంధ్రం పెడితే ఆ కప్పు గరాటు అయిపోతుంది.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో నీరు పడకపోయినా ఉప్పు గాలికి పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. అక్కడ రెండు నెలలకోసారి ప్లగ్గు తీసి పొడిగుడ్డతో తుడవాలి. చిలుము గుంటలు పడేంతగా తిన్న పిన్నుని గీకి వాడకండి, మార్చెయ్యండి.

కరెంటు పోయినప్పుడు వచ్చే నీరు

ఇది వేసవిలో, తుపాను రోజుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తప్పకుండా ఎదురయ్యేది, అందుకే విడిగా చెబుతున్నాను. గాలి పంపు తొట్టి కన్నా కింద ఉంటే, కరెంటు పోయి గాలి ఆగగానే తొట్టి నీరు గొట్టంలోకి ఎక్కి పంపులోకి దిగిపోవచ్చు. గొట్టం నోరు ఎంత లోతులో ఉందో అంతవరకు తొట్టి ఖాళీ అవుతుంది. కరెంటు వచ్చేసరికి పంపు నిండా నీరు, దాని పక్కన బోర్డు. పంపుని నీటిమట్టం కంటే పైన పెట్టడం అన్నిటికన్నా మంచిది. కుదరకపోతే గొట్టంలో వెనక్కి రానివ్వని వాల్వు వెయ్యండి. చేపల షాపులో నాన్ రిటర్న్ వాల్వు అంటే ఇస్తారు. బాణం గుర్తు ఉంటే అది తొట్టి వైపు చూడాలి. పెట్టే ముందు రెండు వైపుల నుంచీ ఊది చూడండి, ఒకవైపే గాలి పోవాలి. గొట్టానికి కూడా పంపు కంటే కిందికి దిగి పైకెక్కే వంపు ఉంటే దాని బయట పట్టిన చెమ్మ పంపు మీదికి రాదు.

పరీక్ష

అంతా బిగించాక, ఏ ప్లగ్గూ పెట్టకముందే, వంపుల కింద నేల మీద దినపత్రిక పరవండి. తొట్టి అంచు దగ్గర లైటు తీగ మీద చెంచాతో నీళ్లు కొద్దికొద్దిగా పొయ్యండి, పది చెంచాలైనా. కాగితం మీద తడి మచ్చలు సరిగ్గా వంపు అడుగు కిందే పడాలి. తర్వాత వంపు దాటి పైకెక్కే తీగని టిష్యూ కాగితంతో తుడిచి చూడండి, పొడిగా ఉండాలి. చెల్లెలి ఇంట్లో మొదటిసారి మచ్చలు ఒక అడుగు పక్కన పడ్డాయి. చూస్తే తీగ స్టాండు అడ్డ కడ్డీకి ఆనుకుని ఉంది, నీరు కడ్డీ పట్టుకుని పోయింది. తీగని రెండు వేళ్లు ఇవతలికి జరిపాక సరిగ్గా పడ్డాయి. మిగతా తీగలకీ ఇలాగే చేసి, అన్నీ పొడిగుడ్డతో తుడిచి, గంటసేపు ఫ్యాన్ కింద ఆరాక ప్లగ్గులు పెట్టాం.

కాలిన టైమర్‌ని ఆరబెట్టి మళ్లీ వాడదామని బావ అన్నాడు. ఒప్పుకోలేదు. ఒకసారి కాలిన చోట బొగ్గు చారిక ఉంటుంది, పొడిగా ఉన్నా దాని మీద కరెంటు నడుస్తుంది. ఆ టైమర్, ఆ బోర్డు, రెండూ పారేశాం.

ఏ టైమర్, ఎన్ని గంటలు

గుండ్రటి చక్రం చుట్టూ చిన్న పిన్నులుండే మెకానికల్ టైమర్ చవక, అర్థం చేసుకోవడం సులువు. కానీ కరెంటు పోయినప్పుడు దాని గడియారం కూడా ఆగిపోతుంది. రోజుకి మూడు గంటల చొప్పున ఐదు రోజులు కోత పడితే పదిహేను గంటలు వెనకబడుతుంది. మధ్యాహ్నం రెండింటికి వెలగాల్సిన లైటు తెల్లవారుజామున ఐదింటికి వెలుగుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఈ రకం టైమర్‌కి వేళ అనేదే ఉండదు. లోపల చిన్న బ్యాటరీ ఉండే డిజిటల్ టైమర్ మనకి మేలు. కరెంటు లేకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది.

కొత్తది కొన్నాక ఒక రాత్రంతా సాకెట్‌లో ఉంచి బ్యాటరీ నిండనివ్వండి. తర్వాత సన్నటి పిన్నుతో రీసెట్ నొక్కి, గడియారం, వారం సరిచెయ్యండి. మొదటి ప్రోగ్రాంలో ON వేళ 14:00, OFF వేళ 21:00 పెట్టాం. AM, PM చూపించే రకమైతే జాగ్రత్త, అక్కడే ఎక్కువమంది పొరబడతారు. చివరగా మోడ్ బటన్ నొక్కుతూ AUTO దగ్గర ఆపండి. చాలా టైమర్లలో ఒక సంగతి ఉంది: ON నుంచి AUTO కి వస్తే వేళ కాకపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది, తర్వాతి OFF వేళ వచ్చేదాకా. ఇది పాడైనట్టు కాదు. ముందు OFF కి వెళ్లి అక్కడి నుంచి AUTO కి వస్తే ఆ తికమక ఉండదు.

ఏడు గంటలు ఎందుకంటే, మామూలు నీటి మొక్కలున్న తొట్టికి ఆరు నుంచి ఎనిమిది గంటల వెలుగు చాలు. అంతకు మించితే గాజుకి నాచు పడుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే పిల్లలు బడి నుంచి వచ్చి తిని కూర్చునే వేళకి తొట్టి వెలుగుతూ ఉంటుంది. కొత్తగా పెట్టిన తొట్టికి ఆరు గంటలతో మొదలుపెట్టండి.

టైమర్‌కి లైటు ఒక్కటే తగిలించాలి. ఫిల్టర్‌ని దానికి కలిపితే రాత్రంతా నీటి ప్రవాహం ఆగి, లోపల మురికిని శుభ్రం చేసే బ్యాక్టీరియా గాలి అందక చస్తుంది, మర్నాడు ఆ కుళ్లు తొట్టిలోకి వస్తుంది. ఫిల్టర్‌కి, గాలి పంపుకి విడిగా సాకెట్, విడిగా వంపులు.

మొక్కల గ్రో లైటైతే

తేడా ఒక్కటే, నీరు పై నుంచి వస్తుంది. కొత్తిమీర, తోటకూర లాంటి ఆకుకూరల నారుకి రోజుకి పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు లైటు ఉంచుతాం. రోజూ నీళ్లు చల్లుతాం కూడా. అరల స్టాండులో కింది అర లైటు, పై అర ట్రే కారిన నీటికి సరిగ్గా కింద ఉంటుంది. ప్రతి ట్రే కింద రంధ్రం లేని పళ్లెం పెట్టి, తీగని అర పక్క నుంచి కాకుండా వెనక నుంచి దించండి. టైమర్ స్టాండుకి కట్టొద్దు, గోడకే ఉండాలి. నీళ్లు చల్లేది లైటు ఆరి ఉన్న వేళ, ప్లగ్గు తీసి.

తర్వాత చూస్తూ ఉండాల్సినవి

వారానికోసారి నీళ్లు మార్చే రోజున లైటు వెలిగి గంటైన తర్వాత టైమర్ పైభాగం మీద వేలి వెనక వైపు ఆనించండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు నిలవనంత వేడి, చేపల వాసనలాంటి కాలిన వాసన, చిరచిర, లైటు వణకడం, వీటిలో ఏది ఉన్నా మెయిన్ దగ్గరే ఆఫ్ చెయ్యండి, ఆ తర్వాతే ప్లగ్గు ముట్టుకోండి. ఇంకా, తొట్టిలో చెయ్యి పెట్టేముందు అన్ని ప్లగ్గులూ బయటికి తీయాలి. పని అయ్యాక ఫిల్టర్‌ని మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు.

పరీక్షకి పరిచిన కాగితాన్ని మేం తీసెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి వంపుల కింద అలాగే ఉంచాం. ఆగస్టులో ఒకరోజు మేనకోడలు ఫోన్ చేసింది. “మావయ్యా, పేపరు మీద రెండు మచ్చలున్నాయి, గుండ్రంగా.” గాలి రాయి ఎక్కడుందో చూడమన్నాను. గొట్టాన్ని గాజుకి పట్టించిన బిళ్ల ఊడి, రాయి జరిగి మళ్లీ పాత మూలకి వచ్చేసిందట. బావ దాన్ని సరిచేసి, తీగ తుడిచి, కొత్త కాగితం వేశాడు. ఆ మధ్యాహ్నం రెండింటికి లైటు మామూలుగానే వెలిగింది.